అమ్మానాన్నల కాశీయాత్ర: పెట్టె కన్నా ముందు జేబు సర్దండి

ప్రశ్న: మా బాపుకి 73 ఏళ్లు, అమ్మకి 67. కరీంనగర్‌లో ఇద్దరే ఉంటారు. డిసెంబరు చివర్లో వాళ్ల భజన బృందంతో 13 రోజుల కాశీయాత్రకి వెళ్తున్నారు. సికింద్రాబాద్‌లో రైలు, కాశీలో తొమ్మిది రాత్రుల నిద్ర, మధ్యలో ప్రయాగ, గయ. బాపుకి ఇరవై ఏళ్లుగా షుగర్. ఇన్సులిన్ పెన్ను పొద్దున 20, రాత్రి 12 యూనిట్లు. నాలుగేళ్ల కింద స్టెంటు వేశారు, బీపీ మాత్రలూ ఉన్నాయి. అమ్మకి థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు. దర్శనం అయ్యేదాకా ఇద్దరూ ఏమీ ముట్టరు. బాపుకి మందుల సంచి పట్టుకోవడం నామోషీ, "నేనేమన్నా రోగినా" అంటారు. అమ్మ ఇప్పటికే రెండు పెద్ద సూట్‌కేసులు నింపింది, ఒకదాంట్లో సగం సకినాలే. డాలస్‌లో ఉన్న తమ్ముడు ఫోన్ చేసి అసలు మాన్పించమంటున్నాడు. నాకు సెలవు లేదు. ఏం పెట్టాలో, ఏం తీసేయాలో ఒక జాబితా రాసుకుంటే నాలుగు పేజీలైంది. ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదు. (హైదరాబాద్ నుంచి ఒక కూతురు)

సమాధానం: ఆ నాలుగు పేజీల జాబితా ఒక పక్కన పెట్టండమ్మా. పెట్టెలో ఏం ఉండాలన్నది రెండో ప్రశ్న. ముందు ఒక పొద్దుటిపూట గురించి ఆలోచిద్దాం.

విశ్వనాథుడి గుళ్లోకి ఫోన్లు, సంచులు తీసుకెళ్లనివ్వరు. అన్నీ లాకర్లో పెట్టి, చేతిలో పూలు, చెంబు పట్టుకుని వరసలో నిలబడాలి. అంటే పదమూడు రోజుల ప్రయాణంలో మీ నాన్నగారికి అన్నిటికన్నా ఇబ్బంది కలిగే అవకాశం ఉన్న గంటలోనే మీరు సర్దిన సంచి ఆయన దగ్గర ఉండదు. ఖాళీ కడుపు, తెల్లవారుజాము చలి, నిలబడి ఎదురుచూపు, చుట్టూ తెలియని భాష. ఆ గంటలో ఆయన ఒంటి మీద ఉండేది చొక్కా జేబు ఒక్కటే. అందుకే నేనైతే జేబుతో మొదలుపెట్టి, తర్వాత భుజం సంచి, చివరికి పెట్టె సర్దుతాను. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. మా అత్తగారిని కాశీ తీసుకెళ్లినప్పుడు గుడి నుంచి బయటికొచ్చే తోపులాటలో ఆవిడ వేరే ద్వారం వైపు వెళ్లిపోయారు. ఫోన్ నా ఫోన్‌తో పాటే లాకర్లో ఉంది. నా నంబరు ఆవిడకి నోటికి రాదు, హిందీ ఒక్క ముక్క రాదు, సత్రం పేరు గుర్తుంది కానీ అది ఏ గల్లీలో ఉందో తెలియదు. రెండు గంటల తర్వాత ఒక పూల కొట్టు అరుగు మీద కూర్చుని కనిపించారు, ఆ కొట్టాయన ఇచ్చిన టీ తాగుతూ. ఏడుస్తున్నది నేనే.

కాబట్టి మొదటి వస్తువు ఒక అట్టముక్క. ఆధార్ కార్డంత సైజు చాలు. ఒకవైపు పేరు, వయసు, రక్తం గ్రూపు, "షుగర్, ఇన్సులిన్ వాడుతున్నారు, గుండెకు స్టెంటు ఉంది" అన్న మాట, మీ నంబరు, బృందం పెద్ద నంబరు. రెండోవైపు సత్రం పేరు, పేట, దగ్గరి గుర్తు. ఇదంతా హిందీలో, పెద్ద అక్షరాలతో ఉండాలి. తెలుగులో రాసినది రిక్షా అతనికి పనికిరాదు. హిందీ రాసేవాళ్లు మీ చుట్టుపక్కల తప్పకుండా ఉంటారు, రాయించి లామినేషన్ చేయించండి. నాలుగు తీయండి: ఇద్దరి జేబుల్లో ఒక్కొక్కటి, ఇద్దరి సంచుల్లో ఒక్కొక్కటి. మీ అమ్మగారి చీరకి జేబు ఉండదు కాబట్టి చిన్న గుడ్డ సంచీ కుట్టించి మెడలో వేసుకోమనండి. సాధారణంగా ఆటోలు గోదౌలియా కూడలి దాకానే వస్తాయి, అక్కడి నుంచి గుడివైపు నడకే. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే ఒకటి అనుకోవాలి. అది గుడి ద్వారం కాకూడదు, ద్వారాలు చాలా ఉన్నాయి. చెప్పులు విప్పిన కొట్టో, లాకరు తీసుకున్న కొట్టో అయితే ఇద్దరికీ గుర్తుంటుంది.

రెండో వస్తువు పంచదార. నవ్వకండి, మీ నాన్నగారి విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన మందు ఇదే. ఇరవై యూనిట్లు పొడిచేసుకుని దర్శనం అయ్యాక తింటానని వరసలో నిలబడితే, ఇన్సులిన్ తన పని తాను చేసుకుపోతుంది, తిండి కోసం ఆగదు. షుగర్ 70 కన్నా కిందికి పడితే వణుకు, గుండె దడ, చిరాకు, మాట తడబడడం, ఒళ్లంతా చెమట. ఇందులో ఒక తిరకాసు ఉంది. స్టెంటు వేసినవాళ్లలో చాలామందికి గుండె వేగం తగ్గించే మాత్ర ఒకటి ఇస్తారు. అది వేసుకునేవాళ్లకి వణుకు, దడ అంతగా తెలియవు. చెమట మాత్రం పడుతుంది. కానీ స్వెటరు కింద పట్టిన చెమట పక్కవాళ్లకి ఎలా తెలుస్తుంది? అందుకని మీ అమ్మగారికి ఒక్క మాట నేర్పండి: అంత చలిలో ఆయన నుదురు తడిగా ఉన్నా, ఊరికే విసుక్కుంటున్నా ప్రశ్నలు అడగకుండా పంచదార నోట్లో వేయాలి.

ఎంత? పదిహేను గ్రాములు, అంటే మూడు చెంచాలు. హోటళ్లలో ఇచ్చే చిన్న పంచదార పొట్లాలైతే ఐదు గ్రాములవి మూడు. గ్లూకోజు పొడి మడిచి పొట్లం కట్టినా సరే. పేడా, లడ్డూ, బిస్కెట్టు ఈ పనికి రావు, వాటిలోని నెయ్యీ పిండీ వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ అంతే వేయాలి, తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. రెండోసారి వేశాకా తగ్గకపోయినా, మింగలేకపోయినా, ఛాతీ పట్టేసినట్టుందన్నా వెంటనే 108కి గాని 112కి గాని ఫోన్ చేయాలి, చేతిలో ఫోన్ లేకపోతే ఎదురుగా ఉన్న పోలీసుకు చెప్పాలి. పొట్లాలు మీ నాన్నగారి జేబులో మూడు, మీ అమ్మగారి మెడసంచీలో మూడు. తనిఖీలో ఎవరైనా ఆపితే "షుగర్ కే మరీజ్ హై" అంటే చాలు.

ఇక అసలు చిక్కు, దర్శనం అయ్యేదాకా ముట్టకపోవడం. ఇందులో మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి, మూడింటికీ ఖర్చు ఉంది. మొదటిది, పొద్దున లేవగానే మామూలుగా సూది వేసుకుని వెంటనే కాస్త టిఫిన్ చేసి దర్శనానికి వెళ్లడం. ఒంటికి ఇదే మంచిది, మనసుకి ఒప్పుబాటు కావాలి. రెండోది, సూది వేసుకోకుండా వెళ్లి, దర్శనం అయ్యాక తిండికి ముందు వేసుకోవడం. షుగర్ పడిపోయే భయం తగ్గుతుంది కానీ మధ్యాహ్నందాకా బాగా పెరుగుతుంది, ఆలస్యంగా వేసుకున్న ఆ సూదికి రాత్రి మోతాదు మరీ దగ్గరవుతుంది. దీన్ని ఒకటి రెండు రోజులకి ఎలా సర్దాలో డాక్టరు చెప్పాలి తప్ప సొంతంగా చేయకూడదు. మూడోది, టిఫిన్ తిన్నాక మధ్యాహ్నమో సాయంత్రమో దర్శనానికి వెళ్లడం. తొమ్మిది రాత్రులు అక్కడే ఉంటారు కాబట్టి ఇది మీవాళ్లకి సులువే. మొదటిరోజు బృందంతో పాటు తెల్లవారుజామున వెళ్లలేకపోయామన్న లోటు మాత్రం ఉంటుంది. మీరు ప్రయాణానికి రెండు వారాల ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఈ మూడూ ఆయన ముందు పెట్టండి, యూనిట్లు కాగితం మీద రాయించుకోండి.

నాన్నగారు వినకపోతే డాక్టరు మాట కన్నా శాస్త్రం మాట పనిచేయవచ్చు. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిదని మహాభారతంలోని శ్లోకం చెబుతుంది: నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. పాలూ పండూ మందూ అందులోనే ఉన్నాయి. డాక్టరు సరేనంటే గ్లాసు పాలు, రెండు అరటిపళ్లు తిని వెళ్లినా ఆయన లెక్కలో ఉపవాసం పోదు. భజన బృందంలో ఆ శ్లోకం చదివి వినిపించే పెద్దాయన ఒకరు ఉండకపోరు, ఆయన చేతే చెప్పించండి. కూతురు చెబితే నస, తోటివాడు చెబితే ధర్మం.

ఇప్పుడు భుజం సంచి. ఇది రైల్లో తల కింద, ఆటోలో ఒళ్లో, సత్రంలో మంచం పక్కన ఉండాల్సింది. మందులన్నీ ఇందులోనే, పెద్ద పెట్టెలో ఒక్కటి కూడా వద్దు.

ఎన్ని మందులు? 13 రోజులకి 13 రోజుల మందులు పెట్టకండి. డిసెంబరు, జనవరిలో ఆ దారంతా పొగమంచు, రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి, ఒక్కోసారి రద్దవుతాయి. ఐదు రోజులు కలిపి 18 రోజులకి లెక్కేయండి. ఇన్సులిన్ రోజుకి 32 యూనిట్లు. ప్రతిసారీ పొడిచే ముందు గాలి తీయడానికి రెండు యూనిట్లు వదలాలి కదా, అవి నాలుగు. మొత్తం 36. 18 రోజులకి 648. మామూలు పెన్నులో 300 యూనిట్లు ఉంటాయి, కాబట్టి మూడు పెన్నులు. సూదులు 36, చెయ్యి జారి పడేవాటికి ఇంకో నాలుగు. వాడేసిన సూదులు గల్లీలో పారేయకుండా మందమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇవ్వండి, మూతతో సహా.

ఇన్సులిన్‌కి ఐసు పెట్టాలా అని తప్పకుండా అడుగుతారు. ఆ కాలంలో కాశీలో రాత్రిళ్లు పది డిగ్రీలకి కూడా దిగుతుంది. వాడుతున్న పెన్నులు ముప్పై డిగ్రీల లోపు సాధారణంగా నాలుగు వారాలు బాగుంటాయి, మీ పెన్ను డబ్బాలోని కాగితం ఒకసారి చూసుకోండి. ఆ చలిలో ఐసు అక్కర్లేదు సరికదా, ఐసుగడ్డకి ఆనించి పెడితే గడ్డకట్టి మందు పాడైపోతుంది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు, పనిచేయదు. పెన్నులు చేతిరుమాల్లో చుట్టి సంచి మధ్యలో పెడితే చాలు. రూములో హీటరు పెడితే దానికి దూరంగా. మూడింటిలో ఒక పెన్ను, పది సూదులు మీ అమ్మగారి సంచిలో ఉండాలి. ఒక సంచి పోయినా రెండోది ఆదుకుంటుంది.

మాత్రలు పూటలవారీ డబ్బాలో పోసి ఇస్తే చక్కగా ఉంటుంది, కానీ అన్నీ పోయకండి. తెల్లమాత్రలన్నీ ఒకేలా ఉంటాయి. ఆసుపత్రిలో ఇవేమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఒక వారానికి డబ్బా, మిగతావి పేరు కనిపించే పట్టీలుగానే. బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరూ మిల్లీగ్రాములూ ఒక కాగితం మీద ఇంగ్లిషులో రాయండి, ఎందుకంటే కరీంనగర్‌లో దొరికే బ్రాండు అక్కడ దొరక్కపోవచ్చు, మందు మాత్రం దొరుకుతుంది. మీ అమ్మగారి థైరాయిడ్ మాత్ర ఖాళీ కడుపున వేసుకునేదే కాబట్టి దర్శనం రోజు దానికి గొడవ లేదు, నీళ్లతో వేసుకుని వెళ్లొచ్చు.

మోకాళ్ల నొప్పికి పారాసెటమాల్, పూత మందు, మోకాలి పట్టీ. ఇక్కడొక జాగ్రత్త. యాత్రలో ఒకరి నొప్పిమాత్ర ఇంకొకరు వేసుకోవడం మామూలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి మీ నాన్నగారికి వద్దు. ఇరవై ఏళ్ల షుగర్, బీపీ, స్టెంటు, దాని కోసం వేసుకునే రక్తం పలచబరిచే మాత్ర ఉన్నవాళ్లకి అవి కిడ్నీకీ కడుపుకీ గుండెకీ చేటు. ఆ పట్టీలు అసలు సంచిలోనే లేకపోతే సరి.

వీటితో పాటు షుగర్ చూసే మిషను, ముప్పై స్ట్రిప్పులు, మిషనుకి కొత్త బ్యాటరీ. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు, లీటరు నీళ్లలో కలిపేవి. విరేచనాలు పట్టుకుంటే నాన్నగారికీ ఇవే ఇవ్వాలి, తీపి ఉందని భయపడి మానేయకూడదు. షుగర్ మాత్రం పూటపూటకీ చూసుకుంటూ, డాక్టరుకి ఫోన్ చేసి మోతాదు అడగాలి. 2025 దాకా తియ్యటి పానీయాలు కూడా ఆ పేరు పెట్టుకుని అమ్మేవారు, అట్ట మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్నది చూసి కొనండి. బీపీ మిషను వద్దనే నా అభిప్రాయం. అది ఉంటే బృందంలో పాతికమందీ గంటకోసారి చేయి చాస్తారు, అంకె పెరిగిందని అందరికీ దిగులు పట్టుకుంటుంది.

కాగితాలకి వస్తే, అసలు ఆధార్ ఒకటే తీసుకెళ్లాలి, జిరాక్సులు సత్రానికి ఇవ్వడానికి ఆరేడు. రైలు టికెట్టు కాగితం మీద ముద్రించి ఇవ్వండి, ఫోన్ ఛార్జింగు అయిపోయిన చోట ఉపయోగం. డాక్టరు చీటీ, స్టెంటు వేసినప్పటి డిశ్చార్జి కాగితం, ఈమధ్య తీసిన ఈసీజీ జిరాక్సు. ఈసీజీ ఎందుకంటే, అక్కడ ఛాతీ నొప్పి అని వెళ్లినప్పుడు డాక్టరు తీసే కొత్త ఈసీజీలో ఏది కొత్త మార్పో, ఏది పాతదో తేల్చుకోవడానికి పక్కన పెట్టి చూసేది అదే. మీ నాన్నగారికి 70 దాటింది కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించవచ్చు, 2024 అక్టోబరు చివర్లో వచ్చింది, ఆదాయంతో పనిలేదు, ఏడాదికి ఐదు లక్షల దాకా. ఆధార్ ఉంటే చాలు. ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, మందుల కొట్టులో కాదు. అమ్మగారికి ఇంకా వయసు రాలేదు. కాశీలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోని సర్ సుందర్‌లాల్ ఆసుపత్రి, లంక అనే పేట దగ్గర. ఆ పేరు జేబు కార్డు వెనకాల రాసి ఉంచండి.

అన్నిటికన్నా ఎక్కువమంది మరచిపోయే కాగితం వేరే ఉంది. గయలో పిండప్రదానానికి కూర్చున్నాక పంతులుగారు గోత్రం, తండ్రి, తాత, ముత్తాత పేర్లు అడుగుతారు. ఆ పక్కనే అమ్మవైపు వాళ్లవి, అత్తమామలవి, పోయిన అన్నదమ్ములవి. పిండం చేతిలో పట్టుకుని "మా నాయనమ్మ పేరేమిటే" అని భార్యని అడిగేవాళ్లని నేను ఎంతమందిని చూశానో. ఈ పని నాన్నగారికి అప్పగించండి. నోటుబుక్కు ఇచ్చి ఇప్పట్నుంచీ పేర్లు రాయమనండి, చుట్టాలకి ఫోన్లు చేసి కనుక్కోమనండి. ఆయన పెద్దరికం అందులో ఉంది. ఆ పుస్తకం వెనక పేజీల్లోనే మందుల పేర్లూ వేళలూ రాసేస్తే, మందుల సంచి నామోషీ అన్నాయన ఆ పుస్తకాన్ని మాత్రం చంకన పెట్టుకునే తిరుగుతారు.

గయ మాట వచ్చింది కాబట్టి ఒకటి. కాశీ నుంచి గయ సుమారు 250 కిలోమీటర్లు. తొమ్మిది రాత్రులు కాశీలోనే నిద్ర చేయాలంటే పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలి, అంటే రోజులో 500 కిలోమీటర్లు, మధ్యలో కర్మకాండ. బృందాలు అలాగే చేస్తున్నాయి. స్టెంటు ఉన్నాయనకీ మోకాళ్లు నొచ్చే ఆవిడకీ అది బాగా ఎక్కువ. తొమ్మిది రాత్రులూ పూర్తయ్యాక గయ వెళ్లి అక్కడొక రాత్రి పడుకుంటే హాయి, కాకపోతే బృందం నుంచి విడిపడాలి, టికెట్టు మార్చుకోవాలి. బృందం పెద్దని ఇప్పుడే అడిగి చూడండి, మీవాళ్లలాంటి జంటలు ఇంకో నాలుగు ఉండే ఉంటాయి.

ఇంక పెట్టె. ఆ రెండు సూట్‌కేసులూ ఖాళీ చేయించండి. కాశీ గల్లీల రాళ్ల మీద, మెట్ల మీద చక్రాలు దొర్లవు, ఎత్తుకునే నడవాలి. పరీక్ష ఒకటే: ఎవరి సంచి వాళ్లు ఒక్క చేత్తో పట్టుకుని మీ ఇంటి మేడ మెట్లు ఆగకుండా ఎక్కగలగాలి. అమ్మగారు మధ్యలో ఆగారంటే ఇంకో రెండు చీరలు తీసేయాలి.

చలి గురించి మనవాళ్లకి అంచనా ఉండదు. ఒక లావు స్వెటరు కన్నా ఒకదాని మీద ఒకటి వేసుకునేవి మేలు: లోపల థర్మల్, పైన మామూలు నూలు బట్ట, ఆపైన ముందు గుండీలున్న స్వెటరు, శాలువా. మధ్యాహ్నం ఎండొస్తే ఒక్కొక్కటి తీసేయొచ్చు. తల మీదుగా వేసుకునే స్వెటర్లు భుజాలు నొచ్చేవాళ్లకి నరకం. మంకీ క్యాపు, రెండేసి జతల ఉన్ని మేజోళ్లు. అమ్మగారికి తేలికగా ఆరే సింథటిక్ చీరలు నాలుగు చాలు. పట్టుచీర ఒకటి తీసుకెళ్తానంటే అడ్డు చెప్పకండి.

నాన్నగారి పాదాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇరవై ఏళ్ల షుగర్‌కి అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు. చల్లటి రాతి మీద చెప్పుల్లేకుండా తిరిగితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. గుళ్లో అనుమతిస్తే మందపాటి నూలు మేజోళ్లు తొడుక్కోమనండి, ఘాట్ల మెట్ల మీద మాత్రం వద్దు, జారతాయి. బయట వెనక పట్టీ ఉన్న పాత, అలవాటైన చెప్పులే. కొత్తవి కొనివ్వకండి, కరిచి పుండు పడుతుంది. రోజూ రాత్రి అమ్మగారు ఆ రెండు పాదాలూ ఫోన్ లైటు వేసి వేళ్ల సందులతో సహా చూడాలి.

గంగాస్నానం తెల్లవారుజామునే చేయాలన్నది ఆయన పట్టుదల అయితే డాక్టరుతో అనిపించండి, చల్లటి నీళ్లలో ఒక్కసారిగా మునిగితే రక్తనాళాలు ముడుచుకుని గుండె మీద భారం పడుతుంది. పదకొండు, పన్నెండు గంటల ఎండలో, కాళ్లూ చేతులూ తడుపుకుని నెమ్మదిగా దిగితే మునక దక్కుతుంది. అదీ కుదరకపోతే చెంబుతో తల మీద చల్లుకోవడమో, గంగనీళ్లు రూముకి తెచ్చి వేణ్నీళ్లలో కలుపుకోవడమో. స్నానం సంచిలో పెద్ద తువ్వాలు రెండు, పొడి బట్టలు, తడివి వేయడానికి ప్లాస్టిక్ సంచి.

సత్రానికి ఫోన్ చేసి కింది అంతస్తు, కుర్చీలాంటి కమోడ్ ఉన్న గది అడగండి. పాత సత్రాల్లో అది లేకపోవచ్చు. అప్పుడు మడతపెట్టే కమోడ్ స్టూలు ఒకటి బరువైనా తీసుకెళ్లాల్సిందే. దాని కోసం రెండు చీరలు మానేసినా పర్లేదు. మోకాళ్ల భయంతో నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు యాత్రల్లో చాలామంది, వాళ్లే మూడో రోజున మూత్రంలో మంటతో పడుకుంటారు.

తినేవి. రైల్లో మొదటి పూటకి పులిహోర, చపాతీలు, అరటిపళ్లు. రెండో రోజుకి పులిహోర ఉంచకండి. ఎలక్ట్రిక్ కెటిల్ రైల్లో పెట్టడం నిషేధం, సత్రంలో ఒప్పుకుంటే వాడుకోవచ్చు. వేయించిన ఉప్మారవ్వ, అటుకులు పొట్లాలుగా కట్టిస్తే వేణ్నీళ్లు పోసి పది నిమిషాల్లో తినేయొచ్చు. పొద్దున సూది వేసుకున్నాక టిఫిను ఆలస్యమైతే ఇదే దిక్కు. పుట్నాలు, మరమరాలు, జొన్నపేలాలు, ఉప్పు తగ్గించినవి. కందిపొడి ఒక డబ్బా. నూనె కారే పచ్చళ్లు వద్దు, గోంగూర సీసా ఒకటి కారిందంటే మందుల చీటీ దాకా వస్తుంది.

తమ్ముడికి ఏం చెప్పాలి? మాన్పించడం కూడా ఒక దారే. అప్పుడు నాన్నగారు వచ్చే ఏడాది మీకు చెప్పకుండా బయల్దేరతారు, జేబులో అట్టముక్క లేకుండా. విమానంలో పంపుతానంటే ప్రయాణం తేలిక, కానీ బృందం తోడు పోతుంది, పొగమంచు విమానాలనూ ఆపుతుంది. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఫిబ్రవరి చివరికి వాయిదా వేస్తే చలి తగ్గుతుంది, బృందం ఉండదు, శివరాత్రి దగ్గరైతే జనం ఎక్కువ. డాక్టరు ఇప్పుడు వద్దంటే మాత్రం అదే సరైన దారి. వెళ్లొచ్చంటే డాలస్ నుంచి తమ్ముడు చేయగలిగిన పని ఒకటుంది: రోజూ సాయంత్రం మన ఆరు గంటలకి ఫోన్ చేసి "నాన్నా, పొద్దున షుగర్ ఎంత" అని ఒక్క అంకె అడిగి రాసుకోవడం. మీరు అడిగితే కసురుకుంటారు, వాడు అడిగితే చెబుతారు.

సకినాల డబ్బా మాత్రం పూర్తిగా తీసేయకండి. నాన్నగారి పళ్లకి అవి గట్టివే, ఉప్పూ నూనే కూడా. కానీ పక్క బెర్తువాళ్లకి పెట్టడానికి ఆవిడ చేసుకున్నవి అవి. ఒక చిన్న డబ్బాలో ఇరవై సకినాలు పెట్టి ఇవ్వండి, మిగతావి మీ ఇంట్లో గాలి తగలకుండా దాచండి. తిరుగుప్రయాణంలో ఆ ఖాళీ డబ్బాలో గంగనీళ్ల చెంబు సరిగ్గా పడుతుందేమో, సర్దే రోజే ఒకసారి పెట్టి చూడండి.